టీ ప్యాకెట్ అతుకులు చెప్పే సంగతి

నకిలీ టీ ప్యాకెట్‌ను కనిపెట్టాలనుకునేవాళ్లు ముందు చూసేది బ్రాండు పేరు, బొమ్మ. నకిలీ చేసేవాడు ఎక్కువ శ్రద్ధ పెట్టేది కూడా వాటి మీదే. అందుకే తప్పు అక్కడ సులువుగా దొరకదు. అతుకుల దగ్గర, లాట్ నంబరు దగ్గర వెతకాలి.

దిండులా ఉండే పావుకిలో ప్యాకెట్ ఎలా తయారవుతుందో చూద్దాం. టీ ఫ్యాక్టరీకి ఖాళీ కవర్లు రావు. రంగులు అచ్చేసిన ఫిల్మ్ పెద్ద చుట్టగా వస్తుంది. యంత్రం దాన్ని గొట్టంలా వంచి, వెనక నిలువుగా అతికి, పొడి నింపి, వేడి దవడలతో అడ్డంగా నొక్కుతుంది. ఆ ఒక్క నొక్కుతోనే నిండిన ప్యాకెట్‌కు పై అతుకు, దాని తర్వాతి ప్యాకెట్‌కు కింది అతుకు పడతాయి. మధ్యలో కత్తి తెగ్గొడుతుంది. అందుకే ఇలాంటి ప్యాకెట్‌కు పైనా కిందా గీతల తీరు, వాటి మధ్య ఎడం ఒకేలా ఉంటాయి.

ఈ యంత్రం లేనివాళ్లు ఒక మూతి తెరిచి ఉన్న కవర్లు ముందే చేయించుకుంటారు. చేత్తో పొడి నింపి, ఆ మూతిని చిన్న సీలింగ్ మెషిన్‌తో అంటిస్తారు. అక్కడే దొరికిపోతారు. కింద సన్న గీతలుంటే పైన గళ్లో, నున్నటి పట్టీయో కనిపిస్తుంది. అతుకు ఒక పక్కకు ఒరుగుతుంది, ముడతలు పడుతుంది. అతుకులో పొడి రేణువులు చిక్కుకుని గరగరలాడతాయి. పాత అసలు ప్యాకెట్‌నే మళ్లీ నింపి ఉంటే, అతుకు కత్తిరించినంత మేర ప్యాకెట్ పొట్టిగా ఉంటుంది. అసలుదాని పక్కన నిలబెడితే తేడా తెలుస్తుంది.

అయితే జిప్ ఉండే కాఫీ పౌచ్‌లలాంటివి అసలు కంపెనీలు కూడా ముందే తయారైన కవర్లలో నింపుతాయి. వాటికి పైనా కిందా తేడా ఉండటం తప్పేమీ కాదు. ఒకే కంపెనీ రెండు ఫ్యాక్టరీల దవడల గీతలు కూడా వేరుగా ఉండొచ్చు. కాబట్టి అదే బ్రాండు, అదే సైజు, నమ్మకమైన చోట ఈమధ్యే కొన్న ప్యాకెట్‌ను పక్కన పెట్టుకునే పోల్చాలి.

ఇక అచ్చు సంగతి. మంచి లామినేట్‌లో బొమ్మను పై పొర లోపలి వైపు అచ్చేసి, దాని వెనక ఇంకో పొర అతికిస్తారు. రంగు రెండు పొరల మధ్య ఉంటుంది కనుక గోటితో గీకినా, నెయిల్ పాలిష్ రిమూవర్ దూదితో తుడిచినా రాదు. రంగు వచ్చేస్తే ఒంటి పొర కవరు మీద అచ్చేసి ఉండొచ్చు. అసలు ప్యాకెట్‌ను స్కాన్ చేసి కాపీ కొట్టినచోట చిన్న అక్షరాల అంచులు మసకబారతాయి. కావలసిన పదార్థాలు, చిరునామా ఉండే వరుసలను ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చూడండి.

లాట్ నంబరు పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. ప్యాకెట్ నింపేటప్పుడు యంత్రం తేదీ, ధర, లాట్ నంబరును ఫిల్మ్ పైభాగాన కొడుతుంది. ఆ సిరా రిమూవర్‌కు కరిగిపోవచ్చు, దానితో నకిలీ అని నిర్ణయించకూడదు. బొమ్మతో పాటే లాట్ నంబరు కూడా పొర లోపల అచ్చై ఉంటేనే అనుమానించాలి. పాత తేదీ చెరిపిన మరక మీద కొత్త తేదీ కొట్టి ఉన్నా అంతే.

ఉదాహరణకు ఒక కొట్టులో 250 గ్రాముల ప్యాకెట్ తీసుకున్నారు. ధర 150 రూపాయలు. స్టాంపులో గ్రాము ధర 60 పైసలని ఉండాలి, 150ని 250తో భాగిస్తే వచ్చేది అదే. లాట్ నంబరు మొదటి అక్షరం సి. వెనక ఫ్యాక్టరీల చిరునామాల పట్టికలో ఎ, బి మాత్రమే ఉన్నాయనుకోండి. లాట్ మొదటి అక్షరమే ఫ్యాక్టరీ గుర్తు అని ప్యాకెట్ మీద రాసి ఉంటే, ఇది గట్టి అనుమానమే. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సుకు 14 అంకెలుంటాయి. దాన్ని ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. అసలు నంబరును కాపీ చేసినవాడు ఈ పరీక్షకు దొరకడు, కాబట్టి ఇదొక్కటే చాలదు.

ఏ ఒక్క గుర్తూ రుజువు కాదు. రెండు మూడు కలిసినప్పుడు ప్యాకెట్‌ను కత్తిరించకుండా, బిల్లుతో సహా పక్కన పెట్టండి. కంపెనీ ఫోన్ నంబరును అనుమానమున్న ప్యాకెట్ మీంచి తీసుకోకండి, పాత అసలు ప్యాకెట్ మీంచో, కంపెనీ వెబ్‌సైట్ నుంచో తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. లాట్ నంబరు, అతుకుల ఫొటోలు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.