నొప్పి మణికట్టులో, కారణం సీట్లో

రోజూ గంటకు పైగా బండి నడిపేవాళ్లను ఎక్కడ నొప్పి అని అడిగితే ఎక్కువమంది చూపించేది రెండు చోట్లే: నడుము, మణికట్టు. నడుము నొప్పి వస్తే గుంతల రోడ్డును, మణికట్టు నొప్పి వస్తే ట్రాఫిక్‌లో క్లచ్‌ను తిట్టుకుంటాం. ఆ తిట్లలో అబద్ధమేమీ లేదు. కానీ అదే రోడ్డు మీద అదే ట్రాఫిక్‌లో నడిపే పక్కవాడికి ఏ నొప్పీ లేకపోతే మాత్రం మన బండి మీద మనం ఎలా కూర్చున్నామో చూసుకోవాలి.

బండి మీద శరీరం మూడు చోట్ల ఆనుతుంది. సీటు మీద పిరుదులు, ఫుట్‌రెస్టుల మీద పాదాలు, హ్యాండిల్ మీద అరచేతులు. ఒంటి బరువు మోయాల్సింది మొదటి రెండే. చేతుల పని హ్యాండిల్ తిప్పడం, క్లచ్, బ్రేకు నొక్కడం. సీటో ఫుట్‌రెస్టో తన వంతు బరువు మోయకపోతే అది వచ్చి చేతుల మీద పడుతుంది. కాబట్టి సరిచేయడం సీటుతో మొదలుపెట్టి, పాదాల దగ్గరికి, చివరికి హ్యాండిల్ దగ్గరికి రావాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

నాకు తెలిసిన ఒకతను ఘట్‌కేసర్ నుంచి మాదాపూర్‌కు 150 సీసీ బండి మీద ఉద్యోగానికి వెళ్లొస్తాడు. ఒక వైపే దాదాపు 40 కిలోమీటర్లు. సికింద్రాబాద్ దాటేసరికి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కేవి. ఇంటికి చేరాక నడుము పట్టేసేది. హ్యాండిల్ కింద దిమ్మెలు పెట్టించి ఎత్తు పెంచితే సరిపోతుందని ఎవరో చెబితే ఉప్పల్‌లో మెకానిక్ దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, హ్యాండిల్ జర లేపాలె" అన్నాడు.

"హ్యాండిల్ సంగతి తర్వాత జూద్దాం తమ్మీ, ముందుగాల బండెక్కి కూసో" అన్నాడు మెకానిక్.

డబుల్ స్టాండ్ వేసిన బండి మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ హ్యాండిల్ నుంచి అంగుళం పైకి లేపమన్నాడు. లేపగానే అతని ఒళ్లు ముందుకు తూలింది. అంటే అప్పటిదాకా ఒంటిని నిలబెడుతున్నవి చేతులే. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. బండి కదలకుండా స్టాండ్ మీద ఉన్నప్పుడు మాత్రమే చేయాలి. చేతులు లేపినా నడుము బిగబట్టకుండా కాసేపు అలాగే ఉండగలిగితే కూర్చునే తీరు సరిగ్గా ఉన్నట్టు.

తర్వాత మెకానిక్ సీటు మీద పిడికిలి పెట్టి గట్టిగా నొక్కాడు. కింద ప్లాస్టిక్ పలక తగిలింది. స్పాంజి కూర్చునే చోట పూర్తిగా చచ్చిపోయింది. పైగా ఆ మధ్య కవర్ మార్పించినప్పుడు సీటు ట్యాంకు వైపు వాలిపోయేలా బిగించారు. దాని ఫలితం కళ్లకు కనిపించేలా ఒక పని చేశారు. సరిగ్గా వెనక ఎక్కడ కూర్చుంటాడో అక్కడ సీటు మీద ఒక టేపు ముక్క అంటించి, అలా ఓ చుట్టు వేసి రమ్మన్నారు. తిరిగొచ్చేసరికి టేపుకీ అతనికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ. బ్రేకు వేసినప్పుడల్లా కొంచెం కొంచెంగా ముందుకు జారాడు. జారకుండా ఆపుతున్నది అరచేతులే. అరచేతిని అలా వెనక్కి వంచి దాని మీద బరువు మోపితే మణికట్టు మధ్యలోంచి వెళ్లే మీడియన్ నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కేది అందుకే. చిటికెన వేలు వైపు తిమ్మిరి వస్తే అది వేరే నరం. అరచేతి బయటి అంచు హ్యాండిల్ గ్రిప్పు మీద నొక్కుకుపోతోందని అర్థం.

సీటు వాలడానికి ఇంకో కారణం వెనక షాకబ్జర్లలో దొరికింది. వాటి స్ప్రింగు కింద మెట్లు మెట్లుగా తిరిగే ఒక గొట్టం ఉంటుంది. వెనక మనిషిని, సామాన్లను ఎక్కించుకున్నప్పుడు దాన్ని పై మెట్టుకు తిప్పుతారు. ఇతను ఒకసారి పై మెట్టుకు పెట్టించి, ఒంటరిగా తిరిగేటప్పుడు కూడా అలాగే వదిలేశాడు. దాంతో బండి వెనక భాగం పైకి లేచి సీటు మరింత ముందుకు వాలింది. తక్కువ బరువుకు స్ప్రింగు సరిగా కుంగక చిన్న గుంత కూడా నేరుగా వెన్నుకు తగిలింది. ఒంటరిగా వెళ్లేవాళ్లు కింది మెట్లలోనే ఉంచుకోవాలి. చాలా బండ్లతో పాటు ఇచ్చే కొక్కెం పానాతోనే దాన్ని తిప్పొచ్చు.

సీటు కవర్లు కుట్టే షాపులో చచ్చిన స్పాంజి కోసి కొత్తది అతికించారు. అక్కడ అడిగి చేయించుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, కూర్చునే చోటు సమతలంగా ఉండాలి, ముందు భాగం కొద్దిగా ఎత్తుగా ఉండి జారకుండా ఆపాలి. రెండు, స్పాంజి గట్టిదై ఉండాలి. మెత్తటి స్పాంజి షాపులో కూర్చున్న ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది, అరగంట నడిపేసరికి అణిగిపోయి కింద పలక తగులుతుంది. ఎత్తు మాత్రం అవసరానికి మించి పెంచకూడదు. సీటు అంగుళం లేస్తే హ్యాండిల్ అంగుళం దిగినట్టే, మళ్లీ ముందుకు వంగాలి. సిగ్నల్ దగ్గర కాళ్లు నేలకు అందడం కూడా చూసుకోవాలి. సీటు ఎత్తు తేలకుండా హ్యాండిల్ జోలికి వెళ్లకూడదనేది అందుకే.

ఇక పాదాలు. ఫుట్‌రెస్టుల స్థానాన్ని మామూలు బండ్లలో మార్చలేం. వాటి పక్కనుండే గేర్ రాడ్, వెనక బ్రేకు పెడల్ ఎత్తును మాత్రం మార్చుకోవచ్చు. రోజూ వేసుకునే బూట్లతోనే కూర్చుని పాదం ఫుట్‌రెస్టు మీద ఆనించి చూడాలి. మడమ కింద ఆధారం ఉండి, బూటు ముందు భాగం పెడల్‌కు కొంచెం పైన తేలిగ్గా నిలబడాలి. పెడల్ మరీ పైకి ఉంటే పొరపాటున బ్రేకు పడకుండా దారంతా పాదాన్ని పైకి ఎత్తి పట్టుకోవాల్సి వస్తుంది. అలా ఎత్తి పట్టిన కాలు బరువు మోయలేదు, ఆ బరువంతా నడుముకు చేరుతుంది. ఘట్‌కేసర్ కుర్రాడి బండికి సరిగ్గా ఇదే ఉంది. మెకానిక్ పెడల్‌ను కొద్దిగా దించి, వెంటనే మూడు సంగతులు చూశాడు: పెడల్‌కు నొక్కేముందు కొంత ఖాళీ ఉందా, వెనక చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరుగుతోందా, పెడల్ నొక్కితే వెనక లైటు వెలుగుతోందా. ఈ మూడూ చూడకుండా పెడల్ ఎత్తు మార్చకూడదు.

పాదాలు ఒంటి కిందే ఉన్న బండిలో ఒక సౌకర్యం ఉంది. గుంత కనిపించగానే ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి సీటు నుంచి అర అంగుళం లేస్తే దెబ్బ మోకాళ్లే తీసుకుంటాయి, వెన్నుకు చేరదు. కాళ్లు బాగా ముందుకు చాపి కూర్చునే క్రూజర్ బండ్లలో ఇలా లేవడం కష్టం. చూడటానికి పడక కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నా, గుంతల రోడ్డులో వాటి మీద నడుము నొప్పి రావడానికి కారణం అదే.

ఇంత అయ్యాకే హ్యాండిల్ దగ్గరికి వచ్చారు. గొట్టం హ్యాండిల్ ఉన్న బండిలో పైన క్లాంపులకు సాధారణంగా నాలుగు బోల్టులుంటాయి. పాత స్థానం దగ్గర మార్కరుతో గీత పెట్టుకుని, బోల్టులు వదులు చేసి, హ్యాండిల్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి తిప్పితే గ్రిప్పులు మన వైపు వస్తాయి. తిప్పేది కొంచెమే అయినా భుజాలకు తేడా తెలుస్తుంది. ఎక్కువ తిప్పితే గ్రిప్పులు కిందికి వాలి మణికట్టు పక్కకు వంగుతుంది. హ్యాండిల్ చివరిదాకా తిప్పినప్పుడు వేళ్లు ట్యాంకుకు తగలకూడదు కూడా. బోల్టులు ఏ వరసలో, ఎంత బిగించాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అలాగే బిగించాలి.

తర్వాత లివర్లు. వేళ్లు చాచి క్లచ్ లివర్ మీద పెట్టినప్పుడు మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలా ఉండాలి. లివర్ పైకి ఉంటే నొక్కిన ప్రతిసారీ మణికట్టు వెనక్కి వంగుతుంది. లివర్‌ను పట్టుకునే చిన్న క్లాంపు వదులు చేసి కిందికి తిప్పితే చాలు. అద్దాలు కూడా దానితో కదులుతాయి కనుక మళ్లీ సరిచేసుకోవాలి. క్లచ్ గరగరమంటూ గట్టిగా ఉంటే అది లివర్ తప్పు కాదు, ఎండిపోయిన క్లచ్ వైరు తప్పు. ఆయిల్ వేసినా మెత్తబడకపోతే వైరు మార్చేయాలి. కుడి చేతి విషయంలో ఒక అలవాటు మార్చుకోవాలి. ఎక్సలేటర్ మూసి ఉన్నప్పుడు మణికట్టు నిటారుగా ఉండేలా పట్టుకుంటే, వేగం అందుకోగానే అది కిందికి వంగిపోయి దారంతా అలాగే ఉంటుంది. రోజూ నడిపే వేగంలో మణికట్టు నిటారుగా ఉండేలా మొదటే పట్టు తీసుకోవాలి.

ఇవన్నీ చేశాక ఆ కుర్రాడికి దిమ్మెల అవసరమే రాలేదు. బాగా పొడగరులకు అవి నిజంగానే అవసరం కావచ్చు. కానీ హ్యాండిల్ పైకి లేస్తే ఎక్సలేటర్ వైరు, క్లచ్ వైరు, ముందు బ్రేకు పైపు కూడా సాగాలి. బిగించాక ఇంజను ఆన్ చేసి, గేరు వేయకుండా హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ చివరిదాకా తిప్పి చూడాలి. ఇంజను మోత పెరిగితే వైరు లాగుతోందని అర్థం. అలాంటి బండిని మలుపులో తిప్పితే దానంతటదే దూకుతుంది. వైర్లు, పైపు పొడవువి వేయించేదాకా రోడ్డెక్కకూడదు.

బండి సరిచేస్తే అన్ని నొప్పులూ పోతాయని కాదు. బండి దిగిన కాసేపటికి పోయే తిమ్మిరి బండితో వచ్చింది. రాత్రి నిద్రలో లేపే తిమ్మిరి, చేతిలోంచి వస్తువులు జారిపోవడం, నడుము నుంచి మోకాలి కిందిదాకా పాకే నొప్పి మెకానిక్ దగ్గర తేలేవి కావు, డాక్టరుకు చూపించాలి. మూత్రం మీద అదుపు తప్పినా, రెండు కాళ్ల మధ్య స్పర్శ తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మిగిలినవాళ్లు ఈ ఆదివారం బండికి డబుల్ స్టాండ్ వేసి, సీటు మీద పిడికిలితో నొక్కి చూడండి. మార్పులు సీటు, పెడల్, హ్యాండిల్, లివర్లు అనే వరసలోనే చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చి, కొన్నాళ్లు నడిపాకే రెండోది ముట్టుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో, దేనివల్ల పెరిగిందో ఎప్పటికీ తెలియదు.