‘చేరగానే’లో విల్ ఎందుకు ఉండదు?

పై చదువుకు డాలస్ బయల్దేరుతున్న ఒక గుంటూరు అమ్మాయి, అక్కడ గది అద్దెకిస్తున్నావిడకి ఇంగ్లీషులో రెండు వాక్యాల మెయిల్ రాసిందనుకుందాం. ‘వెన్ ఐ విల్ రీచ్ డాలస్, ఐ విల్ మెసేజ్ యూ. ఐ డోంట్ నో వెన్ ద ఫ్లైట్ విల్ ల్యాండ్.’ రెండు వాక్యాల్లోనూ వెన్ ఉంది, దాని వెనకే విల్ ఉంది. కానీ మొదటిది తప్పు, రెండోది ఒప్పు.

బడిలో నేర్పే సూత్రం తెలిసిందే. వెన్, ఇఫ్, యాజ్ సూన్ యాజ్ తర్వాత భవిష్యత్తు గురించి చెబుతున్నా వర్తమాన రూపమే వాడాలి, విల్ పెట్టకూడదు. కాబట్టి ‘వెన్ ఐ రీచ్ డాలస్, ఐ విల్ మెసేజ్ యూ’ అనాలి. ఈ సూత్రాన్నే పట్టుకుంటే రెండో వాక్యంలోని విల్ కూడా కొట్టేయాలనిపిస్తుంది. అక్కడ కొట్టేయకూడదు. ఆ తేడా పట్టుకోవడానికి తెలుగు వాళ్ల దగ్గర మంచి కొలబద్ద ఒకటి ఉంది.

అదే మెయిల్‌ను ఆ అమ్మాయి ఇంట్లో అమ్మతో చెప్పినట్టు చెబితే ఎలా ఉంటుంది? ‘డాలస్ చేరగానే మెసేజ్ పెడతాను. ఫ్లైట్ ఎప్పుడు దిగుతుందో తెలీదు.’ మొదటి వాక్యంలో ‘చేరగానే’ అన్న మాటకు కాలమే లేదు. చేరేది రేపా, ఎల్లుండా అన్నది చివరనున్న ‘పెడతాను’ చెబుతుంది. ‘చేరినప్పుడు పెడతాను’ అంటే మరీ విచిత్రం. జరగబోయే పనికి ‘చేరిన’ అనే గడిచిన కాలపు రూపం వాడుతున్నా వినేవారికి ఏ తికమకా ఉండదు. ‘చేరితే’, ‘చేరేదాకా’ కూడా అంతే. భవిష్యత్తు భారమంతా ప్రధాన క్రియే మోస్తుంది. ఇంగ్లీషు చేసేదీ అదే. అక్కడ ఒక్క విల్ చాలు, అది ప్రధాన వాక్యంలో ఉంటుంది.

రెండో వాక్యంలో ‘దిగుతుందో’ అని పూర్తి క్రియ వచ్చింది, చివర ‘ఓ’ చేరింది. అది సమయం చెప్పే ముక్క కాదు, ‘ఎప్పుడు దిగుతుంది?’ అనే ప్రశ్న. ప్రశ్నలో విల్ ఉంటుంది కాబట్టి, ఆ ప్రశ్న పెద్ద వాక్యంలో ఒదిగినా విల్ పోదు.

ఇఫ్‌కూ ఇదే కొలబద్ద. ‘అతను వస్తే చెబుతాను’ అన్నప్పుడు ‘ఇఫ్ హీ కమ్స్, ఐ విల్ టెల్ యూ’. ‘వస్తాడో రాడో తెలీదు’ అన్నప్పుడు ‘ఐ డోంట్ నో ఇఫ్ హీ విల్ కమ్’. తెలుగులో ‘తే’, ‘గానే’, ‘అప్పుడు’ వస్తే విల్ తీసేయాలి. ‘ఓ’ వస్తే ఉంచాలి.

ఒక్క మినహాయింపు ఉంది. ‘ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మినిట్’ అని మర్యాదగా అడగడం ఇంగ్లీషులో ఉంది. ఇక్కడి విల్ రేపటి సంగతి చెప్పదు, ఎదుటివారి సమ్మతిని అడుగుతుంది. ‘ఆగితే’ కాదు, ‘కాస్త ఆగుతానంటే’ అన్నమాట. పాత ఇంగ్లీషులో విల్‌కు ‘కోరుకోవడం’ అనే అర్థం ఉండేది. ఆ వాసన ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

విల్‌కూ గోయింగ్ టుకూ ఉన్న తేడా కూడా ఈ పుట్టుకలోనే ఉంది. గోయింగ్ టు మొదట అచ్చంగా ‘ఒక పని మీద వెళ్లడం’. రానురాను నడక పోయి ఉద్దేశం మిగిలింది. తెలుగులోనూ ‘పోవు’ క్రియ ఇదే దారి పట్టింది. నల్లమబ్బు కమ్ముకొస్తుంటే ‘వాన కురవబోతోంది’ అంటాం. ఆ ‘బోతోంది’ పోవడం నుంచి వచ్చిందే. కళ్లెదుట ఆనవాలు కనిపిస్తున్నప్పుడు ఇంగ్లీషు కూడా ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అంటుంది.

అయితే పోలిక అంతటితో ఆగుతుంది. డాలస్‌లో దిగాక ఆ అమ్మాయి బరువైన పెట్టె మోయలేక అవస్థ పడుతోంది. చూసినవాళ్లు అప్పటికప్పుడు ‘ఐ విల్ హెల్ప్ యూ’ అంటారు. ‘ఐ యామ్ గోయింగ్ టు హెల్ప్ యూ’ అంటే ఆ నిర్ణయం ముందే జరిగిపోయినట్టు వినిపిస్తుంది. వచ్చే ఏడాది కారు కొనాలని ఆమె ముందే అనుకుని ఉంటే మాత్రం ‘ఐ యామ్ గోయింగ్ టు బై ఎ కార్’ అనడమే సహజం. దానికి తెలుగులో ‘కొనబోతున్నాను’ కన్నా ‘కొనాలనుకుంటున్నాను’ దగ్గరగా ఉంటుంది. ముందస్తు నిర్ణయమూ, ఎదుట ఆనవాలూ లేని మామూలు అంచనాల్లో రెండిట్లో ఏది వాడినా చెల్లుతుంది.

ఇంతకీ ఆ మెయిల్‌లో దిద్దాల్సింది ఒక్క మాటే, మొదటి వెన్ వెనకున్న విల్. ‘ఐ విల్ మెసేజ్ యూ’ అన్న మాట ఆవిడకి ఇస్తున్న హామీ కనుక అక్కడి విల్ అలాగే ఉండాలి. ఫ్లైట్ ఎప్పుడు దిగుతుందో నిజంగానే తెలీదు కనుక చివరి విల్ కూడా ఉండాలి.