17 లక్షల కేలరీల ఎండ, 6 కేలరీల చేప

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, ఒకాలా ఊరి పక్కన సిల్వర్ స్ప్రింగ్స్ అనే పెద్ద నీటి ఊట ఉంది. నీళ్లు అద్దంలా ఉంటాయి. అడుగున గాజు పలక బిగించిన పడవల్లో ఎక్కి జనం కింద ఈదే చేపలను చూస్తారు. ఈ నీటికి ఇంకో గుణం కూడా ఉంది. ఎండాకాలమైనా చలికాలమైనా దాని వేడి దాదాపు 23 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది, ప్రవాహం కూడా పెద్దగా మారదు. 1950ల మొదట్లో హోవార్డ్ ఓడమ్ అనే శాస్త్రవేత్త ఈ ఊటను ఎంచుకోవడానికి అదే కారణం. ఇక్కడి జమాఖర్చులు రాయడం సులువని ఆయనకు తోచింది. అంటే డబ్బు లెక్క కాదు, శక్తి లెక్క. ఒక చదరపు మీటరు నీటి మీద ఏడాదిలో ఎంత ఎండ పడింది, అందులో ఎంత మొక్కకు చేరింది, మొక్క నుంచి నత్తకు, నత్త నుంచి చేపకు ఎంత చేరింది? 1957లో అచ్చయిన ఆ ఖాతాను పర్యావరణ శాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ చూస్తుంటారు. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే 'శక్తి పిరమిడ్' బొమ్మ వెనక ఏముందో తెలియాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఎండతో మొదలుపెడదాం. చదరపు మీటరుకు ఏడాదికి పడ్డది 17 లక్షల కిలోకేలరీలు. మనం 'ఇడ్లీలో ఇన్ని కేలరీలు' అని చెప్పుకునేవి కూడా నిజానికి ఈ కిలోకేలరీలే. ఈ 17 లక్షల్లో మొక్కలు పీల్చుకోగలిగింది 4 లక్షల 10 వేలు. మిగతాది నీటిని వేడిచేసిందో, ఆకు తగలకుండా పోయిందో, మొక్కకు పనికిరాని రకం వెలుతురో. పీల్చుకున్నదంతా కూడా ఆహారంగా మారలేదు. కిరణజన్య సంయోగక్రియలో చివరికి చక్కెరగా మారింది 20,810 మాత్రమే. నూటికి ఐదు. పిరమిడ్ అడుగు మెట్టు ఇదే.

అసలు కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది. మొక్క కదలదు కాబట్టి దానికి ఖర్చుండదని అనుకుంటాం. కానీ మొక్క కూడా రాత్రీ పగలూ శ్వాసిస్తుంది, వేరు పెంచుతుంది, పాడైన కణాలను బాగుచేసుకుంటుంది. సిల్వర్ స్ప్రింగ్స్ మొక్కలు సంపాదించిన 20,810లో 11,977 తమ బతుకుకే ఖర్చు పెట్టుకున్నాయి. ఆకుగా, కాడగా మిగిలింది 8,833. నత్తలు, తాబేళ్లు, పురుగులు, గడ్డి మేసే చేపలు తినగలిగేది ఈ మిగులునే.

అవి ఆకులన్నీ తినేయలేదు. చాలా ఆకు ఎండి, కుళ్లి, నీటితో కిందికి కొట్టుకుపోయింది. తిన్నదాంట్లోనూ కొంత అరగక పేడగా బయటికి వచ్చింది. అరిగి ఒంటికి పట్టింది 3,368. ఈ 'ఒంటికి పట్టడం' అనే మాట ముఖ్యం. కడుపులోకి వెళ్లిందంతా ఒంటికి పట్టదు, ఒంటికి పట్టిందంతా మాంసం కాదు. 3,368లో 1,890 ఆ జీవుల శ్వాసకు, కదలికకు ఖర్చయింది. శరీరంగా నిలిచింది 1,478.

వాటిని పట్టి తినే చిన్న మాంసాహార చేపలకు ఒంటబట్టింది 383. అందులో 316 ఖర్చు, 67 మిగులు. ఆ చేపలను తినే బాస్ లాంటి పెద్ద చేపలకు చేరింది 21. అందులోనూ ఎక్కువ భాగం ఖర్చయిపోగా, ఒంట్లో మాంసంగా నిలిచింది 6.

ఈ అంకెల్లో మూడు కన్నాలు కనిపిస్తాయి. కొంత ఎవరి నోటికీ చిక్కదు. చిక్కినదాంట్లో కొంత అరగదు. అరిగినదాంట్లో ఎక్కువ భాగం బతకడానికే కరిగిపోతుంది. పెద్ద కన్నం ఈ మూడోది, మేసేవాటి కన్నా వేటాడేవాటిలో అది ఇంకా పెద్దది చూడండి. ఆకు మేసేవి ఒంటబట్టినదాంట్లో నూటికి 56 ఖర్చు చేస్తే, వేటాడేవి నూటికి 82 ఖర్చు చేశాయి. ఆకు పారిపోదు, చేప పారిపోతుంది. దాన్ని తరమాలి, వెతకాలి, దొరక్కపోతే మళ్లీ తరమాలి.

ఇంతా చేస్తే ఇవి చల్లని నెత్తురు జీవులు, చలికి ఒళ్లు వెచ్చబెట్టుకునే ఖర్చు వాటికి లేదు. పక్షులూ, పాలిచ్చే జంతువులూ అయితే ఒంటబట్టినదాంట్లో నూటికి ఒకటి నుంచి మూడు వంతులే కొత్త శరీరంగా మార్చగలవు. మిగతాదంతా ఒళ్లు వెచ్చగా ఉంచడానికే సరిపోతుంది.

ఖర్చయిన శక్తి ఎటు పోయింది? వేడిగా మారి నీటిలోకి, గాలిలోకి వెళ్లింది. ఆ వేడిని ఏ ఆకూ మళ్లీ పట్టుకోలేదు. చచ్చిన ఆకును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజని, భాస్వరం లాంటివి తిరిగి మట్టికి అప్పజెప్తాయి, అవి మళ్లీ మొక్కలోకి వస్తాయి. శక్తికి మాత్రం ఆ తిరుగు దారి లేదు. ఈ ఊటలో కుళ్లబెట్టే జీవులకు అందిన 5,060లో 4,600 వాటి శ్వాసలోనే వేడైపోయింది. అందుకే ఎండ ప్రతి ఏడూ కొత్తగా పడాల్సిందే.

బడిలో మనం 'పది శాతం నియమం' అని నేర్చుకున్నాం. ఈ ఖాతాలో అది ఎక్కడుంది? మొక్కల సంపాదనలో మేసేవాటికి చేరింది నూటికి 16. మేసేవాటి నుంచి వేటాడేవాటికి 11. అక్కడి నుంచి పై మెట్టుకు ఐదున్నర. పది అనేది రకరకాల చోట్ల కొలిచిన అంకెల నడిమి లెక్క. దాన్ని నియమం అనడం నాకు నచ్చదు. పరీక్షలో రాయండి గానీ ప్రకృతిలో వెతక్కండి.

ఇంకో చిక్కుంది. ఒక్క రోజు వల వేసి బరువు తూస్తే పిరమిడ్ కొన్నిసార్లు తలకిందులుగా కనిపిస్తుంది. ఇంగ్లిష్ చానెల్ సముద్రంలో అలాగే జరిగింది. సూక్ష్మ మొక్కల బరువు తక్కువగా, వాటిని తినే సూక్ష్మ జంతువుల బరువు ఎక్కువగా తేలింది. ఇందులో మాయ లేదు. టీ బండి దగ్గర ఏ క్షణాన చూసినా గిన్నెలో పది టీలే ఉంటాయి, సాయంత్రానికి వందలు అమ్ముడవుతాయి. ఆ సూక్ష్మ మొక్కలు కూడా అంతే వేగంగా పుడతాయి, తినబడతాయి. గిన్నెలో సరుకు కాకుండా రోజంతా అమ్మకం లెక్కేస్తే, అంటే ఏడాది పొడవునా శక్తి ప్రవాహం కొలిస్తే, పిరమిడ్ ఎప్పుడూ నిటారుగానే నిలబడుతుంది.

ఓడమ్ పుస్తకంలో నాకు ఇష్టమైన పద్దు ఒకటుంది: బయటి నుంచి వచ్చిన శక్తి, 486. గాజు పడవల్లో వచ్చిన జనం చేపలకు వేసిన రొట్టె ముక్కలు అవి. ఆయన వాటినీ వదల్లేదు.

ఇప్పుడు పైన మిగిలిన ఆ 6 కిలోకేలరీలను చేపగా మార్చి చూద్దాం. చేప మాంసం గ్రాముకు సుమారు ఒక కిలోకేలరీ. అంటే చదరపు మీటరుకు ఏడాదికి ఆరు గ్రాములు. రెండు కిలోల బాస్ చేప ఒక్క ఏడాదిలో పెరగాలంటే 333 చదరపు మీటర్ల నీరు కావాలి. మన లెక్కలో నాలుగు వందల గజాల ఇంటి స్థలం.