కడుపులో ఇబ్బంది ఏ గోలిది?

షుగర్ గోలి, నొప్పుల గోలి రెండూ కడుపును ఇబ్బంది పెట్టగలవు. వాటి తీరు వేరు, వాటికి చేయాల్సిందీ వేరు.

నల్లగొండ జిల్లా కేతేపల్లి చుట్టుపక్కల మూసీ ప్రాజెక్టు నీళ్లు వదలగానే వరినాట్లు మొదలవుతాయి. నాట్లంటే పొద్దంతా బురదలో నడుం వంచి నిలబడటమే. యాభై దాటిన ఆడవాళ్లకు మోకాళ్లు, నడుం పట్టేస్తాయి. దానికి షుగర్ కూడా తోడైతే ఇంట్లో రెండు రకాల గోలీలు చేరతాయి.

అలాంటి ఒక అమ్మను అనుకుందాం. వయసు 58. కొత్తగా మెట్‌ఫార్మిన్ రాశారు. పొద్దున్నే చాయ్‌తో వేసుకొని నాటుకు పోతుంది. సాయంత్రం మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఓర్చుకోలేని రోజున సూది. వారం తిరిగేసరికి పొద్దున వికారం, రెండు మూడు విరేచనాలు, రాత్రి బొడ్డు పైన మంట. అంతా గ్యాసేనని ఆమె షుగర్ గోలి మానేసింది, నొప్పుల గోలి మాత్రం మానలేదు. ఎక్కువ ప్రమాదం దేనితోనో తెలియక చేసిన పని అది.

షుగర్ గోలిని మెల్లగా అలవాటు చేయాలి

వికారం, కడుపు ఉబ్బరం, నీళ్ల విరేచనాలు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన రోజుల్లో, మోతాదు పెంచినప్పుడు కనిపిస్తాయి. ఈ మందు పేగు గోడలో బాగా పేరుకుంటుంది, అందుకే ఇబ్బంది పేగులో మొదలవుతుంది. ఇది పుండు చేయదు. చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది.

పరగడుపున వేసుకోవడం, ఒక్కసారిగా పెద్ద మోతాదుతో మొదలుపెట్టడం ఇబ్బందిని పెంచుతాయి. సాధారణంగా డాక్టర్లు 500 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారి, రాత్రి అన్నంతో మొదలుపెట్టిస్తారు. వారం తర్వాత ఇంకో గోలి పొద్దున భోజనంతో కలుపుతారు. గోలిని అన్నం మధ్యలోనో, తినగానేనో వేసుకోవాలి. చాయ్, బిస్కెట్ భోజనం కిందికి రావు. అప్పటికీ తగ్గకపోతే మెల్లగా కరిగే రకం రాయమని అడగొచ్చు. దాన్ని విరవకుండా, నమలకుండా మింగాలి. దాని పొట్టు మలంలో కనిపించినా భయం లేదు, మందు ఒంటికి పట్టే ఉంటుంది.

ఒక జాగ్రత్త. షుగర్ గోలీలన్నీ ఒకటి కావు. గ్లిమెపిరైడ్ కలిసిన గోలి వేసుకొని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. అందుకే వేళలు మార్చే ముందు గోలి పట్టీ డాక్టర్‌కు చూపించాలి.

సూది వేయించుకున్నా కడుపుకు రక్షణ లేదు

నొప్పుల గోలి కథ వేరు. మన కడుపు ఆమ్లానికి తానే కాలిపోకుండా లోపల జిగురు పొర ఉంటుంది. దాన్ని నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పిని, వాపును పెంచేవీ అవే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వాటి తయారీనే ఆపేస్తాయి. ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని 1971లో చూపిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ వచ్చింది. నొప్పి తగ్గే దారీ, పొర పలచబడే దారీ ఒకటే. మందు రక్తంలో కలిశాక ఈ పని జరుగుతుంది కనుక సూది వేయించుకున్నా కడుపుకు ముప్పు తప్పదు. అన్నం తిని వేసుకుంటే మంట కొంత తగ్గొచ్చు, పుండు ఆగదు.

మరి ఆ అమ్మ ఏం చేయాలి? ముందు మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాయాలి. అందులోంచి రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ. దానితో చాలకపోతే పారాసిటమాల్ 500 వేసుకోవచ్చు, రోజంతా కలిపి ఆరు గోలీలు దాటకూడదు. మద్యం అలవాటు, కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. ఎసిక్లోఫెనాక్ గోలీల్లో చాలావాటిలో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది కాబట్టి పట్టీ చదివించుకోవాలి. నొప్పుల గోలి తప్పనిసరైతే తక్కువ మోతాదులో, తక్కువ రోజులు, ఒక్క రకమే వాడాలి. 65 దాటినవారికి, ఇంతకుముందు పుండు వచ్చినవారికి, గుండెకు ఆస్పిరిన్ వాడేవారికి, స్టెరాయిడ్లు వేసుకునేవారికి డాక్టర్లు ఒమెప్రజోల్ లాంటి మందు కలిపి రాస్తారు. దాన్ని తిండికి అరగంట ముందు వేసుకోవాలి. చల్లటి గ్యాస్ టానిక్ మంటను తగ్గిస్తుంది తప్ప పుండును ఆపదు.

మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతిలో రక్తం లేదా కాఫీ పొడిలాంటిది పడినా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మంట లేకుండానే రక్తం పోవచ్చు, ఎందుకంటే నొప్పుల గోలి ఆ నొప్పిని కూడా కప్పేస్తుంది. ఐరన్ గోలీలతోనూ మలం నల్లబడుతుంది. అయినా జిగటగా, దుర్వాసనతో ఉంటే చూపించుకోవాల్సిందే.

రెండూ కలిసే చోటు కిడ్నీ

నొప్పుల గోలీలు కిడ్నీకి రక్తాన్ని తగ్గించగలవు. విరేచనాలతో నీరసించి, ఎండలో చెమటోడ్చిన రోజున ఆ దెబ్బ ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుంటుంది. కాబట్టి వాంతులు, విరేచనాలు ఎక్కువైన రోజున నొప్పుల గోలి ఆపి, మెట్‌ఫార్మిన్ సంగతి అదే రోజు డాక్టర్‌ను లేదా ఏఎన్‌ఎంను అడగాలి. షుగర్ ఉన్నవారు ఏటా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. ఆ చీటీ, రెండు గోలీల పట్టీలు, సూది వేయించుకున్న తేదీలు కలిపి చూపిస్తే, మానాల్సింది ఏదో, వేళ మార్చాల్సింది ఏదో డాక్టర్ అక్కడే తేల్చగలరు.