యాపిల్ పెరిగింది, డౌ పడింది

2020 ఆగస్టు 28, శుక్రవారం. న్యూయార్క్‌లో మార్కెట్ ముగిసేసరికి యాపిల్ షేరు ధర 499.23 డాలర్లు. సోమవారం పొద్దున అదే షేరు హెచ్చుతగ్గులను 124.81 డాలర్ల ప్రాతిపదికన లెక్కించడం మొదలైంది. కంపెనీకి ఏ నష్టమూ రాలేదు. ఒక్కో షేరును నాలుగుగా విడగొట్టారు, అంతే. పది షేర్లున్నవాడి దగ్గర ఇప్పుడు నలభై ఉన్నాయి, వాటి విలువ మాత్రం మారలేదు.

మదుపరికి ఇందులో చిక్కేమీ లేదు. చిక్కల్లా డౌ జోన్స్ సూచీకే. ఎందుకంటే అది కంపెనీ ఎంత పెద్దదో చూడదు, ఒక్క షేరు ధర ఎంతో మాత్రమే చూస్తుంది. ముప్పై కంపెనీల షేరు ధరలను కూడి, ఆ మొత్తాన్ని ఒక అంకెతో భాగిస్తే వచ్చేదే డౌ. ఆ అంకెను డివైజర్ అంటారు. 1896లో చార్లెస్ డౌ ఈ సూచీని మొదలుపెట్టినప్పుడు ఉన్నవి పన్నెండు కంపెనీలు, భాగించింది కూడా పన్నెండుతోనే. మామూలు సగటు. 1928లో కంపెనీలను ముప్పైకి పెంచినప్పుడు, లెక్క తెగిపోకుండా ఉండేందుకు 16.67 అనే డివైజర్ వాడుకలోకి వచ్చింది. ఆ తర్వాత విభజన జరిగిన ప్రతిసారీ అది తరుగుతూ పోయి, 1986లో ఒకటి కంటే కిందికి దిగింది. ఒకటి కంటే చిన్న అంకెతో భాగిస్తే ఫలితం పెరుగుతుంది కదా! నేటి డౌలో ఒక షేరు ఒక్క డాలరు కదిలినా సూచీ ఆరేడు పాయింట్లు కదలడం అందువల్లే.

ఆ శుక్రవారం డౌ 28,653.87 దగ్గర ముగిసింది. డివైజర్ 0.14579812. రెంటినీ గుణిస్తే ముప్పై షేర్ల ధరల మొత్తం వస్తుంది: దాదాపు 4,178 డాలర్లు. యాపిల్ విభజనతో ఇందులోంచి 374 డాలర్లు మాయమవుతాయి. డివైజర్‌ను ముట్టుకోకపోతే, ఒక్క షేరు కూడా చేతులు మారకుండానే సూచీ 2,568 పాయింట్లు కూలినట్టు కనిపించేది.

అదే రోజు మరో మార్పు కూడా ఉంది. ఎక్సాన్ మొబిల్, ఫైజర్, రేథియాన్ వెళ్లిపోయి సేల్స్‌ఫోర్స్, యామ్జెన్, హనీవెల్ వచ్చాయి. వెళ్లినవాటి కంటే వచ్చినవాటి ధరలు ఎక్కువ కాబట్టి, మొత్తం మళ్లీ 552 డాలర్ల మేర పెరిగి 4,355కు చేరింది. రెండు మార్పులనూ కలిపి ఒకేసారి సరిచేశారు. సూత్రం చిన్నదే:

కొత్త డివైజర్ = పాత డివైజర్ × (మార్పు తర్వాత ధరల మొత్తం ÷ మార్పుకు ముందు ధరల మొత్తం)

అలా వచ్చినదే 0.15198708. రెండు మొత్తాలకూ వాడేది శుక్రవారం ముగింపు ధరలే. 4,355ను ఈ కొత్త అంకెతో భాగిస్తే మళ్లీ అదే 28,654 వస్తుంది. పొరపాటున పాత డివైజర్‌తో భాగించారనుకోండి, 29,870 వస్తుంది. సొంతంగా లెక్క వేసుకునేవారికి విభజన మర్నాడు ఇలా పన్నెండు వందల పాయింట్ల తేడా తగిలిందంటే, మొదట అనుమానించాల్సింది డివైజర్‌నే.

ఇంతవరకూ లెక్క నిక్కచ్చిగానే ఉంది. కానీ డివైజర్ కాపాడేది సూచీ స్థాయిని మాత్రమే, అందులో ఒక్కో కంపెనీకి ఉన్న పట్టును కాదు. అసలు లోపం ఇక్కడే ఉంది. శుక్రవారం వరకు డౌలో దాదాపు 12 శాతం బరువు యాపిల్‌దే. సోమవారానికి అది మూడు శాతం కూడా లేదు. కంపెనీ పరిమాణం ఇసుమంతైనా తగ్గలేదు! సాంకేతిక రంగానికి సూచీలో తగ్గిన ఆ బరువును కొంతైనా పూడ్చడానికే సేల్స్‌ఫోర్స్‌ను తెచ్చినట్టు నిర్వాహకులే చెప్పారు.

ఫలితం ఆ సోమవారమే బయటపడింది. యాపిల్ 3.4 శాతం పెరిగి 129.04 దగ్గర ముగిసింది. దానివల్ల డౌకు దక్కింది సుమారు 28 పాయింట్లు. విభజన లేకుండా, కంపెనీలు మారకుండా ఉంటే అదే పెరుగుదల 116 పాయింట్లు ఇచ్చేది. ఆ రోజు డౌ 223.82 పాయింట్లు నష్టపోయింది.

మన సెన్సెక్స్, నిఫ్టీలకు ఈ బెడద లేదు. మార్కెట్లో చేతులు మారగల షేర్ల సంఖ్యను ధరతో గుణించి వాటిని లెక్కిస్తారు. కాబట్టి ధర నాలుగో వంతైనా షేర్లు నాలుగింతలై లెక్క సరిపోతుంది. వాటికీ డివైజర్ లాంటి సర్దుబాటు ఉంది గానీ, అది కంపెనీలు మారినప్పుడో కొత్త షేర్లు జారీ అయినప్పుడో పనికొస్తుంది.

డౌలో మాత్రం చేరే కంపెనీ షేరు ధర మరీ ఎక్కువైతే సూచీ మొత్తం దాని వెంటే నడుస్తుంది. ఎన్విడియా 2024 జూన్‌లో ఒక్కో షేరును పదిగా విడగొట్టింది. డౌలో ఇంటెల్ స్థానం దానికి దక్కింది ఆ తర్వాతే, అదే ఏడాది నవంబరు 8న.