విడిచిన మాట, వినవచ్చు మాట

“ఆయనకు టీ ఇష్టము, ఆమెకు కాఫీ.” ఈ వాక్యమును విన్నవారెవ్వరును “ఆమెకు కాఫీ ఏమి?” అని యడుగరు. ఇష్టమను మాట ఒక్కమాఱే పలికితిమి. అది రెండు చోట్ల వినవచ్చినది. చెప్పని మాటను తెచ్చి కలుపుకొనుటను మన శాస్త్రములయందు అధ్యాహారమందురు. ఆ మాట ప్రక్కవాక్యములోనిదే యైనచో మీమాంసకులు దానికి అనుషంగమని వేఱు పేరిడిరి. ఈ పూట నేను ముచ్చటింపదలచినది ఆ ప్రక్కవాక్యపు మాటను గూర్చియే. తెలుగులో దేనిని విడువవచ్చును? దేనిని విడువరాదు? విడిచినపుడు వాక్యము చెవికి సహజముగా నుండుట యెట్లు?

మొదట, విడువరానిదానిని చూతము. పై వాక్యములో “ఇష్టము” పోయినను చిక్కు లేదు. కాని “ఆమెకు” అనుటలోని “కు” పోయినచో వాక్యము చెడును. “ఆయనకు టీ ఇష్టము, ఆమె కాఫీ” అన్నచో, ఆమెయొక్క కాఫీ యని యర్థము వచ్చి, ఆయన ఆమె గిన్నెలోని కాఫీకి ఆశపడినట్లు తోచును! ఇంగ్లీషులో ఎవరికేది యన్నది మాటల వరుసనుబట్టి తెలియును. మనకు విభక్తినిబట్టి తెలియును. కాబట్టి ఇంగ్లీషువారు క్రియను విడిచి మాటల వరుసను కాపాడుకొందురు, మనము క్రియను విడిచి విభక్తిని కాపాడుకొనవలెను. “పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము” అను సామెతలో అసలు క్రియయే లేదు. ఆ రెండు “కి”, “కు”లే భారమంతయు మోయుచున్నవి. “అతడు టీని ఇష్టపడును, మఱియు ఆమె కాఫీని” అని యిప్పుడు కొన్ని తర్జుమాలలో కనబడుచున్నది. అర్థము కాకపోదు గాని, తెలుగింటిలో ఎవరును అట్లు మాటలాడగా నేను వినలేదు.

ఇక క్రియ సంగతి. మన వాక్యమునకు క్రియ చివర నుండును. అందుచేత మనకు రెండు దారులు కలవు. “అన్న కాశికి వెళ్లెను, చెల్లెలు రామేశ్వరమునకు” అని క్రియను మొదటి వాక్యమున నుంచి రెండవదాన విడువవచ్చును. లేదా “అన్న కాశికి, చెల్లెలు రామేశ్వరమునకు వెళ్లిరి” అని మొదటిదాన విడిచి చివర నొక్కమాఱు చెప్పవచ్చును. పాణిని సూత్రములలో అనువృత్తి యని యొకటి కలదు. ముందు సూత్రములోని మాట దిగువ సూత్రములకు పాఱుట యది. మొదటి దారి దానివంటిది. రెండవ దారిలో మాట దిగువనుండి పైకి పాఱును. మన పలుకుబడికి ఈ యెదురేటి దారియే యెక్కువ అలవాటని నా తలంపు. వినువాడు క్రియకై ఎటులైనను చివరవఱకు కాచియుండునుగదా.

ఆ రెండవ దారిలో ఒక విశేషమున్నది. “వెళ్లెను” అను ఏకవచనము “వెళ్లిరి” అని బహువచనమైనది. అన్న వెళ్లినది ఒక చోటికి, చెల్లెలు వెళ్లినది మఱొక చోటికి. ఇద్దఱు కలిసి ఎక్కడికిని పోలేదు. అయినను ఇద్దఱి పనిని ఒక్క క్రియ మోయుచున్నది గనుక అది ఇద్దఱికిని చాలునట్టి రూపము తాల్చవలెను. వ్రాతభాషలో “వెళ్లెను” అన్నది పురుషునకును స్త్రీకిని సమానమే గనుక ఈ యవసరము అంతగా బయటపడదు. నోటిమాటలో వెంటనే బయటపడును. “అన్న కాశికి, చెల్లెలు రామేశ్వరానికి వెళ్ళింది” అని చూడుడు. అన్న నడుమ దిక్కులేక నిలిచిపోయినాడు. “వెళ్ళారు” అన్నప్పుడే యిద్దఱును గమ్యము చేరుదురు. మొదటి దారిలో ఈ చిక్కు లేదు. “అన్న కాశికి వెళ్ళాడు, చెల్లెలు రామేశ్వరానికి” అన్నచో, చెల్లెలికి “వెళ్ళింది” అను రూపమును వినువాడే సవరించి తెచ్చుకొనును. పలికిన క్రియకు పొత్తు కుదురవలెను. పలుకని క్రియను చెవి తానే సరిచేసికొనును.

“నీవు కొడవలి, వాడు త్రాడు తెండు” అనునపుడును ఇదే జరుగును. ఎదుట నున్నవాడు ఒక్కడే యైనను ఆజ్ఞ ఇద్దఱికిని తగిలినది.

మాట విడుచుట ఇంపుగా నుండవలెనన్న రెండు వాక్యములును ఒక్క అచ్చున పోసినట్లుండవలెను. అన్నకు ఎదురు చెల్లెలు, కాశికి ఎదురు రామేశ్వరము; ఇట్లు జతలు ఎదురెదురుగా నిలిచినచో చెవి తడుముకొనదు. రెండు జతలు చక్కగా సాగును. మూడవ జత చేరినచో, ఎవడు, ఎవనికి, ఏమి, అని వినువాడు లెక్క పెట్టుకొనవలసి వచ్చును. అక్కడ క్రియను మరల చెప్పుటయే మర్యాద.

ఇదంతయు మాటల ముచ్చటగా తోచవచ్చును. కాని యిది కాగితముమీది కెక్కినపుడు పొలము పుట్రలకు సంబంధించిన పనియగును. ఒక భాగపత్రమున ఇట్లున్నదనుకొందము: “పెద్దకుమారుడు తల్లికి ఏటేట పది బస్తాల ధాన్యమును, చిన్నవాడు నూఱు రూపాయలును ఇయ్యవలెను.” చిన్నవాడు ఎవరికి ఇయ్యవలెను? తల్లికే యని అందఱును ఒప్పుకొందురు. కాని ఏటేటనా, ఒక్కమాఱేనా? “ఏటేట” అను మాట పెద్దకుమారుని వెనుక, అతని వాక్యము లోపల చిక్కుకొన్నది. అది తన వాక్యము దాటి రాలేదని చిన్నవాడు వాదింపవచ్చును; వచ్చినదని తల్లి వాదింపవచ్చును. వ్యాకరణము ఇద్దఱిలో ఎవరిని కాదనలేదు.

మందు చాల చిన్నది. ఇద్దఱికిని చెందు మాటలను వాక్యపు రెండు కొసలకు తీసికొనిపోయి, వేఱువేఱైన వానిని మాత్రమే నడుమ నుంచవలెను. “తల్లికి ఏటేట పెద్దకుమారుడు పది బస్తాల ధాన్యమును, చిన్నవాడు నూఱు రూపాయలును ఇయ్యవలెను.” ఒక్క మాటయు కొత్తగా చేర్చలేదు, స్థానము మార్చితిమి, అంతియే. ఇప్పుడు “తల్లికి ఏటేట” అన్నది ముందునుండియు, “ఇయ్యవలెను” అన్నది వెనుకనుండియు ఇద్దఱిని కలిపి పట్టుకొన్నవి. చిన్నవాడు ఇయ్యవలసినది నిజముగా ఒక్కమాఱే యైనచో “చిన్నవాడు ఒక్కమాఱు నూఱు రూపాయలును” అని స్పష్టముగా వ్రాయవలెను. లేదా రెండు వేఱు వాక్యములు వ్రాయవలెను. కాగితము ఒక చెయ్యి పెద్దదైనచో పోవునదేమి?

అదే పత్రమున మఱొక పంక్తి: “పెద్దవాడు రెండవవానికి నూఱు రూపాయలు, మూడవవానికి ఏబది ఇయ్యవలెను.” ఇచ్చువాడు పెద్దవాడే, పుచ్చుకొనువారు ఇద్దఱు. “మూడవవాడు ఏబది” అని వ్రాసినచో మూడవవాడు ఇచ్చువాడగును, రెండవవాడొక్కడే నూటయేబది పుచ్చుకొనును. పుచ్చుకొనవలసినవాడు ఇచ్చువాడగుటకు ఒక్క “కి” చాలును. ఇట్టిచోట క్రియను విడిచినను విడువుడు గాని, నకలు తీయునపుడు విభక్తులను వ్రేలుపెట్టి సరిచూడుడు.

లేదనుటయు క్రియతోపాటే పాఱునని మఱువరాదు. “పెద్దవాడు పొలము అమ్మరాదు, చిన్నవాడు ఇల్లు” అన్నచో చిన్నవాడును ఇల్లు అమ్మరాదనియే యర్థము. అమ్మవచ్చునని వ్రాయించువాని యుద్దేశమైనచో “అమ్మవచ్చును” అని పూర్తిగా పలికింపవలసినదే. పై క్రియలోని “రాదు” అన్న భాగమును మాత్రము వదలి “అమ్ము” అన్న భాగమును తెచ్చుకొనుట ఏ చెవికిని సాధ్యము కాదు. పత్రమును బిగ్గరగా చదివించి వినునపుడు, చదువువాడు క్రియ విడిచిన చోట ఒక్క క్షణ మాగునట్లు చేయుడు. ఆ యాగినచోట వినుచున్న అన్నదమ్ములందఱు ఒకే మాటను పూరించిరో లేదో అప్పుడే యడిగి తెలిసికొనవచ్చును.