ఆట మధ్యలో డెస్క్‌టాప్ ఊడిపడితే

పబ్జీ చివరి అంకం. మైదానంలో మిగిలింది నలుగురే. గడ్డిలో బోర్లా పడుకున్న ఆటగాడు ఎడమ బొటనవేలితో ఆల్ట్ కీ నొక్కిపట్టి, ఒళ్లు కదపకుండా తల మాత్రం తిప్పి చుట్టూ చూస్తున్నాడు. వెనక ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, సంచిలో కట్టు గుడ్డలు ఎన్ని ఉన్నాయో చూద్దామని ట్యాబ్ నొక్కాడు. బొటనవేలు ఇంకా ఆల్ట్ మీదే ఉంది. ఆట మాయమై, ఇందాక తెరిచి వదిలేసిన బ్రౌజర్ ముందుకొచ్చింది. తిరిగి ఆటలోకి వచ్చేసరికి అతని పని అయిపోయింది.

ఇందులో కంప్యూటర్ తప్పేమీ లేదు. మన దగ్గర ఫోన్ ఆటగానే ఎక్కువమందికి తెలిసిన పబ్జీ, 2017లో మొదట కంప్యూటర్‌కే వచ్చింది. అందులో తల తిప్పడానికి ఆల్ట్, సంచి తెరవడానికి ట్యాబ్ ఇచ్చారు. ఆ రెండూ కలిపి నొక్కితే వేరే ప్రోగ్రామ్‌కు మారాలని విండోస్‌కు అర్థం. విండోస్ కీతో వచ్చే చిక్కు ఇంకోరకం. ఎడమవైపు అది కంట్రోల్‌కు, ఆల్ట్‌కు మధ్యలో కూర్చుంటుంది. కంట్రోల్ వెతుక్కునే చిటికెనవేలు కాస్త జారితే చాలు, స్టార్ట్ మెనూ తెరుచుకుంటుంది.

అందుకే ముందు దొంగ ఎవరో పట్టుకోవాలి. స్టార్ట్ మెనూ కనిపిస్తే అది విండోస్ కీ పని. తెరిచి ఉన్న కిటికీల చిన్న బొమ్మలు వరుసగా కనిపించినా, నేరుగా వేరే ప్రోగ్రామ్ ముందుకొచ్చినా ఆల్ట్, ట్యాబ్‌ల పని. స్టిక్కీ కీస్ కావాలా అని అడిగే పెట్టె వస్తే, షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కారన్నమాట. ఏ కీ తాకకుండానే ఆట కిందికి పోతుంటే, వెనక నడుస్తున్న మరో ప్రోగ్రామ్ ఏదో ముందుకు తోసుకొస్తోంది. అప్పుడు కీలు ఎన్ని ఆపినా ఫలితం ఉండదు.

విండోస్ కీని ఆపడం తేలిక, ఎందుకంటే అది ఒక్క కీ. గేమింగ్ కీబోర్డులు చాలావాటిలో దానికి ప్రత్యేకంగా ఒక మీటో, ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కే కీయో ఉంటుంది. చాలా మోడళ్లలో తాళం పడిందని చిన్న దీపం చెబుతుంది. ఆట అయ్యాక మళ్లీ అదే నొక్కితే సరి. మామూలు కీబోర్డు ఉన్నవాళ్లు కింది మాటలను నోట్‌ప్యాడ్‌లో రాసి, `.reg` ఫైలుగా దాచి, దాన్ని తెరిచి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి.

```
Windows Registry Editor Version 5.00

[HKEY_LOCAL_MACHINE\SYSTEM\CurrentControlSet\Control\Keyboard Layout]
"Scancode Map"=hex:00,00,00,00,00,00,00,00,03,00,00,00,00,00,5b,e0,00,00,5c,e0,00,00,00,00
```

ఇందులో `5b,e0` ఎడమ విండోస్ కీ, `5c,e0` కుడిది. వాటి ముందున్న సున్నాలకు ‘ఈ కీ నొక్కితే ఏమీ జరగకూడదు’ అని అర్థం. అయితే ఇది ఆటకే పరిమితం కాదు. ఆ కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరికీ, ప్రతి ప్రోగ్రామ్‌లోనూ విండోస్ కీ పనిచేయదు. దాంతో చేసే స్క్రీన్‌షాట్ వంటి షార్ట్‌కట్లూ పోతాయి. కీ మళ్లీ కావాలంటే రిజిస్ట్రీ ఎడిటర్‌లో `Scancode Map` ఒక్కదాన్నే తొలగించి రీస్టార్ట్ చేయాలి. అక్కడ ముందే వేరే `Scancode Map` ఉంటే ఈ ఫైలు దాన్ని చెరిపేస్తుంది, కనుక ముందుగా చూసుకోవాలి.

ఆల్ట్, ట్యాబ్‌లకు ఈ వైద్యం పనికిరాదు. ఈ పద్ధతి విడి కీలనే చంపగలదు, జంటను కాదు. ఆల్ట్‌ను చంపితే తల తిప్పడం పోతుంది, ట్యాబ్‌ను చంపితే సంచి తెరవడం పోతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ అనే సాధనం ఉంది. ఫలానా ప్రోగ్రామ్ ముందున్నప్పుడు మాత్రమే ఒక జంట పనిచేయకుండా దానితో ఆపవచ్చు. ఆట అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడుస్తుంటే పవర్‌టాయ్స్‌నూ అదే హోదాలో నడపాలి, లేకపోతే దాని మాట చెల్లదు. కానీ ఆటల్లో దీన్ని వాడకపోవడమే మంచిదని, వేగం తగ్గవచ్చని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఆటోహాట్‌కీ వంటి స్క్రిప్టులతోనూ ఇది కుదురుతుంది గానీ, మోసాన్ని పట్టే యాంటీ చీట్ వ్యవస్థలు కొన్ని వాటిని అనుమానిస్తాయి. ఖాతాకే ముప్పు రావచ్చు.

కాబట్టి పబ్జీ ఆటగాడికి సులువైన దారి ఆటలోపలే ఉంది. సెట్టింగుల్లో కీల పట్టిక తెరిచి, సంచిని ట్యాబ్ నుంచి తప్పించి ఐ వంటి మరో కీకి మార్చాలి. అప్పుడు బొటనవేలు ఆల్ట్ మీదున్నా ఫర్వాలేదు. నాలుగైదు ఆటలు చేయి పాత కీ వైపే పోతుంది, తర్వాత అలవాటు పడుతుంది. దీంతోపాటు ఆటను ఫుల్‌స్క్రీన్ నుంచి బోర్డర్‌లెస్‌కు మారిస్తే, ఎప్పుడైనా పొరపాటు జరిగినా తెర నల్లబడి ఆగదు. ఆట వెనకే ఉంటుంది కనుక వెంటనే తిరిగి రావచ్చు.

ఏ పద్ధతి పాటించినా ఒక తలుపు తెరిచే ఉంటుంది. ఆట బిగుసుకుపోయి, విండోస్ కీ, ఆల్ట్ ట్యాబ్ రెండూ పలకనప్పుడు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కాలి. ఆ కలయికను విండోస్ తనకే అట్టిపెట్టుకుంది, పవర్‌టాయ్స్ వంటి సాధనాలు దాన్ని అడ్డుకోలేవు. అక్కడ కనిపించే జాబితాలో టాస్క్ మేనేజర్ ఎంచుకుని, బిగుసుకున్న ఆటను మూసేయవచ్చు.